వీఏఆర్‌కి కనిపించని ఫ్రాంక్: హిస్టారికల్ సిమ్యులేషన్ ఉండగా స్ట్రెస్ టెస్ట్ ఎందుకు?

ప్రశ్న: మా పోర్ట్‌ఫోలియో రిస్క్ కొలవడానికి 500 రోజుల హిస్టారికల్ సిమ్యులేషన్ వాడుతున్నాను. మార్కెట్లో నిజంగా జరిగిన కదలికలే అందులో ఉంటాయి, ఎవరి ఊహలూ ఉండవు. మా మేనేజర్ మాత్రం స్ట్రెస్ టెస్టులు, సినారియో అనాలిసిస్ కూడా చేయమంటున్నారు. నాకవి ఎవరికి తోచిన నంబర్లు వాళ్ళు పెట్టుకునే ఆటలా అనిపిస్తున్నాయి. రెండూ వేర్వేరు జవాబులిస్తే ఏది నమ్మాలి? రెండింటినీ కూడాలా?

జవాబు:

కూడకండి. వాటిలో ఒకదాన్ని ఎంచుకోవాల్సిన పని కూడా లేదు. గత 500 రోజుల్లాంటి రోజులే ముందూ వస్తే, వందలో ఒక చెడ్డ రోజున ఎంత పోతుందో హిస్టారికల్ సిమ్యులేషన్ చెబుతుంది. ఆ అంకెనే వాల్యూ ఎట్ రిస్క్, పొట్టిగా వీఏఆర్ అంటారు. ఫలానాది జరిగితే ఎంత పోతుందో స్ట్రెస్ టెస్ట్ చెబుతుంది, అది ఎంత తరచుగా జరుగుతుందన్న సంగతి దానికి అక్కర్లేదు. ఇక ఊహలేమీ లేవన్నారే, అక్కడే నాకు పేచీ ఉంది. 500 రోజులు చాలనుకోవడమే ఒక ఊహ. చాలాసార్లు అన్నిటికంటే పెద్ద ఊహ అదే.

సిద్ధాంతం కన్నా ఒక కేసు పట్టుకుంటే తేలిగ్గా తెలుస్తుంది. నేను కొత్తగా చేరినవాళ్ళకు ఎప్పుడూ చూపించేది 2015 జనవరి నాటి స్విస్ ఫ్రాంక్. 2008 సంక్షోభం పెద్దదే, కానీ అందరూ దాన్ని తమ సినారియోల్లో పెట్టేసుకున్నారు, అందులో నేర్చుకునేది తక్కువ. ఫ్రాంక్ కేసులో మాత్రం ఈ రెండు పద్ధతుల మధ్య తేడా బట్టబయలుగా ఉంటుంది.

ముందు నేపథ్యం. 2011 వేసవిలో యూరో సంక్షోభానికి భయపడి అందరూ ఫ్రాంకులు కొన్నారు. ఆగస్టులో ఒక యూరోకు దాదాపు ఒక ఫ్రాంకే వచ్చే పరిస్థితి వచ్చింది. సెప్టెంబర్ 6న స్విస్ నేషనల్ బ్యాంక్ గీత గీసింది: యూరో 1.20 ఫ్రాంకుల కిందకు పడనివ్వం, అవసరమైతే ఎన్ని యూరోలైనా కొంటాం అని. మూడేళ్ళ నాలుగు నెలలు ఆ గీత నిలబడింది. 2015 జనవరి 15న, ముందుగా ఒక్క మాటైనా చెప్పకుండా, దాన్ని తీసేశారు. నిమిషాల్లో యూరో 0.90 కిందకు కూడా పడిపోయి, తర్వాత 1.00 పరిసరాలకు వచ్చింది.

ఇప్పుడు 2015 జనవరి 14 సాయంత్రం మనమే ఒక పోర్ట్‌ఫోలియో చూసుకుంటున్నామనుకుందాం. ఈ నంబర్లు లెక్క కోసం నేను పెట్టుకున్నవే. మొత్తం ఆస్తి 10 కోట్ల యూరోలు, అంటే 1000 లక్షలు. అందులో 600 లక్షలు యూరోజోన్ షేర్లు, 400 లక్షలు ప్రభుత్వ బాండ్లు. సొంత డబ్బు 700 లక్షలే. మిగతా 300 లక్షలు ఫ్రాంకుల్లో అప్పు తెచ్చాం, వడ్డీ తక్కువని. 1.20 రేటు దగ్గర ఆ అప్పు 360 లక్షల ఫ్రాంకులు. ఫ్రాంక్ బలపడితే అప్పు యూరోల్లో పెరుగుతుంది, మనం నష్టపోతాం.

హిస్టారికల్ సిమ్యులేషన్‌లో మీరు చేసేదే చేద్దాం. గత 500 రోజుల్లో ఒక్కో రోజు షేర్లు, బాండ్లు, యూరో-ఫ్రాంక్ రేటు ఎంత శాతం కదిలాయో తీసుకుని, ఆ కదలికలను ఈ రోజు పోర్ట్‌ఫోలియో మీద వేస్తాం. 500 లాభనష్టాలు వస్తాయి. నష్టాలను పెద్దదాని నుంచి చిన్నదానికి పేర్చితే అయిదోది 99 శాతం వీఏఆర్. కొందరు ఆరోది తీసుకుంటారు, ఆ గొడవ మనకొద్దు.

```python
eq   = 600 * r["eq"]
bd   = 400 * r["bond"]
fx   = 300 - 300 / (1 + r["eurchf"])
loss = (-(eq + bd + fx)).sort_values(ascending=False)
var99 = loss.iloc[4]
es975 = loss.iloc[:12].mean()
```

షేర్లకు చెడ్డ రోజు అంటే రెండున్నర శాతం పతనం అనుకోండి, 15 లక్షలు పోతాయి. అలాంటి రోజున బాండ్లు కాస్త పెరిగి రెండు లక్షలు తిరిగిస్తాయి. ఫ్రాంక్ అప్పు వల్ల పోయేది లక్షకు అటూ ఇటూ. వీఏఆర్ 14 లక్షల దగ్గర తేలుతుంది. దాన్ని విడదీసి ఎందులో ఎంత రిస్క్ ఉందని చూస్తే దాదాపు అంతా షేర్లదే. ఫ్రాంక్ అప్పు విడిగా తీసుకున్నా, చెడ్డ రోజు కదలిక 0.4 శాతం అనుకుంటే వీఏఆర్ 1.2 లక్షలే. రిపోర్టులో ఆ వరుస మీద ఎవరి కన్నూ ఆగదు.

కన్ను ఆగాల్సింది సరిగ్గా అక్కడే. ఆ రేటు ఎందుకు కదలట్లేదు? కొనేవాళ్ళూ అమ్మేవాళ్ళూ ఒక ధర దగ్గర కుదురుకున్నారని కాదు. ఒక సంస్థ చెయ్యి అడ్డం పెట్టి ఆపింది. మన 500 రోజుల విండో 2013 జనవరి నుంచి మొదలవుతుంది, అంటే మొత్తం ఆ చెయ్యి అడ్డం ఉన్న కాలమే. నివురుగప్పిన నిప్పును థర్మామీటర్‌తో పైపైన కొలిచినట్టు, మనం కొలిచింది ఫ్రాంక్ రిస్క్ కాదు, స్విస్ నేషనల్ బ్యాంక్ మాట మీద నిలబడ్డ రోజులను.

ఇందులో ఇంకో మెలిక ఉంది, చాలామంది గమనించరు. మామూలుగా షేర్లు పడే రోజుల్లో జనం ఫ్రాంకుల్లోకి పరిగెత్తుతారు, ఫ్రాంక్ బలపడుతుంది. అంటే మనకు రెండు దెబ్బలూ ఒకే రోజు తగలాలి. కానీ రేటు 1.20 గీతకు ఆనుకుని ఉన్నప్పుడు ఫ్రాంక్ బలపడటానికి చోటే లేదు. అందుకే డేటాలో షేర్లకూ ఫ్రాంక్‌కూ సంబంధం బలహీనంగా కనిపిస్తుంది. గీత వల్ల కదలిక ఒక్కటే కాదు, సంబంధం కూడా మరుగున పడింది. నిజమైన రోజులను వాడతాం కాబట్టి కోరిలేషన్లు వాటంతటవే సరిగ్గా వస్తాయన్నది హిస్టారికల్ సిమ్యులేషన్‌కు ఉన్న గొప్ప పేరు. అది ఇక్కడ చెల్లలేదు.

విండో పెంచితే సరిపోతుందిగా అంటారు. పెంచి చూద్దాం. 1000 రోజులు తీసుకుంటే 2011 వేసవి లోపలికి వస్తుంది, ఫ్రాంక్ ఎగిరిన కొన్ని రోజులు వస్తాయి. కాస్త మేలే. కానీ ఆ విండోలో యూరో-ఫ్రాంక్‌కు అతి పెద్ద ఒక్కరోజు కదలిక ఏదో తెలుసా? గీత గీసిన 2011 సెప్టెంబర్ 6. ఆ రోజు ఫ్రాంక్ దాదాపు 8 శాతం బలహీనపడింది. అంటే ఫ్రాంకుల్లో అప్పు చేసిన మనకు అది పండగ రోజు! సిమ్యులేషన్ దాన్ని లాభాల కొసన పెట్టేస్తుంది. ఒక్కరోజులో అంత దూకగల రేటు వెనక్కి కూడా అంతే దూకగలదన్న ఆలోచన దానికి రాదు. అది చరిత్రను ఉన్నదున్నట్టు ఆడించే యంత్రం, తిరగేసి చూడదు.

ఇంకొందరు వొలటాలిటీ స్కేలింగ్ వాడమంటారు. పాత రోజుల కదలికలను ఇప్పటి వొలటాలిటీకి, అంటే ధరలు ఊగే తీవ్రతకు, తగ్గట్టు పెంచడమో తగ్గించడమో చేసే పద్ధతి అది. చాలా చోట్ల పనికొస్తుంది, నేనూ వాడతాను. ఇక్కడ మాత్రం ఎదురు తిరుగుతుంది. 2011లో రోజువారీ వొలటాలిటీ 1.5 శాతం, ఇప్పుడు 0.1 శాతం అనుకోండి. అప్పటి 3 శాతం కుదుపును పదిహేనుతో భాగించి 0.2 శాతం చేసి మీ చేతిలో పెడుతుంది. ఉన్న ఒక్క హెచ్చరికనూ చెరిపేసినట్టే.

ఇక స్ట్రెస్ టెస్ట్ వైపు వద్దాం. ఎవరికి తోచిన నంబర్లు వాళ్ళు పెట్టుకోవడం అన్నారు. సరిగ్గా చేయకపోతే అది అంతే, ఒప్పుకుంటాను. సరిగ్గా చేస్తే నంబర్‌కు ఒక ఆధారం ఉంటుంది, దాని మీద ఎదుటివాళ్ళు వాదించవచ్చు.

నేను సంక్షోభాల జాబితాతో మొదలుపెట్టను. పోర్ట్‌ఫోలియోతో మొదలుపెడతాను. ఏది కదిలితే మనకు డబ్బు పోతుందో, మన దగ్గర ఏ పొజిషన్ ఎంత పెద్దదో రాసుకుంటాను, వీఏఆర్‌లో దాని వాటా ఎంతన్నది పట్టించుకోకుండా. మన కేసులో మూడే వరుసలు: షేర్లు 600, బాండ్లు 400, ఫ్రాంక్ 300. వీఏఆర్‌లో దాదాపు సున్నాగా ఉన్న ఫ్రాంక్, పొజిషన్‌గా చూస్తే మొత్తం ఆస్తిలో మూడో వంతుకు దగ్గర. ఈ రెండు అంకెల మధ్య ఇంత ఎడం ఎక్కడ కనిపిస్తే అక్కడ ఆగాలి.

తర్వాత ఒక చిన్న పరీక్ష. ఒక్కో రిస్క్ ఫ్యాక్టర్‌కు 500 రోజుల విండోలో వచ్చిన అతి పెద్ద కదలికను, దొరికినంత పాత డేటాలో వచ్చిన అతి పెద్ద కదలికతో పోల్చండి, దిక్కు పట్టించుకోకుండా. మొదటిది రెండోదాంట్లో అయిదో వంతు కూడా లేకపోతే ఎందుకో ఒక వాక్యంలో రాయమని నేను టీమ్‌ను అడుగుతాను. ఆ వాక్యంలో మార్కెట్ బదులు ఒక సంస్థ పేరో, ఒక ఒప్పందం పేరో, ఒక హామీయో వస్తే అక్కడ సినారియో కావాలని అర్థం. ఫ్రాంక్ దీనికి పాఠ్యపుస్తకం లాంటిది.

షాక్ ఎంత పెట్టాలి? ఇక్కడే ఇష్టారాజ్యం అనే ఆరోపణ వస్తుంది. నా జవాబు ఏమిటంటే, పట్టి ఉంచిన చెయ్యి తీసేస్తే రేటు ఎక్కడికి వెళ్తుందో అడగండి. చెయ్యి పెట్టకముందు అది ఎక్కడుందో మనకు తెలుసు. 2011 ఆగస్టులో 1.00కు వెంట్రుకవాసి దూరంలో ఉంది. కాబట్టి 1.20 నుంచి 1.00 అన్నది గాలిలోంచి పట్టుకున్న అంకె కాదు, ఆ రేటు ఒకసారి దాదాపు చూసి వచ్చిన చోటే. ఇంకాస్త కఠినంగా 0.90 కూడా పెట్టుకోవచ్చు. 2014 చివర్లో ఎవరైనా పావుగంట కూర్చుంటే ఈ సినారియో రాయగలిగేవారు. గీత ఎప్పుడు పోతుందో చెప్పగలిగినవాళ్ళు లేరు, పోతే ఎంతవుతుందో మాత్రం చెప్పవచ్చు.

లెక్క చేద్దాం. 360 లక్షల ఫ్రాంకుల అప్పు 1.00 దగ్గర 360 లక్షల యూరోలు. 60 లక్షల నష్టం, మన వీఏఆర్‌కు నాలుగు రెట్ల పైనే. ఇక్కడ చాలామంది పప్పులో కాలేస్తారు. సెన్సిటివిటీలతో లెక్కగట్టే షీట్‌లో రేటు 16.7 శాతం పడింది, పొజిషన్ 300 లక్షలు, కాబట్టి నష్టం 50 లక్షలు అని వస్తుంది. నిజానికి పోయేది 60. 0.90 దగ్గర ఈ ఎడం ఇంకా పెరుగుతుంది: షీట్ 75 అంటుంది, అసలు నష్టం 100 లక్షలు. ఆప్షన్లేమీ లేని మామూలు అప్పులోనే ఇంత వంపు ఉంది. రోజువారీ చిన్న కదలికల్లో ఈ తేడా కంటికి ఆనదు, అందుకే షీట్ ఏళ్ళ తరబడి బాగానే పనిచేసినట్టు కనిపిస్తుంది. స్ట్రెస్ టెస్ట్‌లో ప్రతి పొజిషన్‌నూ కొత్త ధర దగ్గర పూర్తిగా తిరిగి లెక్కగట్టాల్సిందే.

తర్వాతి ప్రశ్న అసలు కష్టమైనది. ఫ్రాంక్ 1.00కు వెళ్ళిన రోజున షేర్లేమవుతాయి? హిస్టారికల్ సిమ్యులేషన్‌లో ఈ ప్రశ్నే రాదు, ఆ రోజు ఏం జరిగిందో డేటాలో ఉంటుంది. స్ట్రెస్ టెస్ట్‌లో మనమే చెప్పాలి. ఎక్కువమందికి వెంటనే తోచేది అన్నీ కలిసి పడతాయని. ఫ్రాంక్ ఎగిరిందంటే భయం, భయమంటే షేర్ల పతనం అన్న లెక్క. అసలు రోజున ఏమైందో చూడండి. స్విస్ షేర్ల సూచీ సుమారు 9 శాతం పడింది, ఎందుకంటే అక్కడి ఎగుమతి కంపెనీల సరుకు రాత్రికి రాత్రి విదేశాల్లో ఖరీదైపోయింది. యూరోజోన్ షేర్లు మాత్రం పెరిగాయి. యూరోపియన్ సెంట్రల్ బ్యాంక్ పెద్ద ఎత్తున బాండ్లు కొనబోతోందన్న అంచనా అప్పటికే గట్టిగా ఉంది. వారం తర్వాత, 22న, ప్రకటించింది కూడా. ఆ కొనుగోళ్ళు వస్తే గీతను కాపాడటం ఇంకా కష్టమవుతుంది, గీత తీసేయడానికి అదొక కారణమని మార్కెట్ అర్థం చేసుకుంది.

అందుకే నేను ఒకే షాక్‌కు కనీసం రెండు కథలు రాయమంటాను. మొదటి కథలో స్విస్ నేషనల్ బ్యాంక్ తనంతట తాను గీత తీసేస్తుంది: ఫ్రాంక్ 1.00, యూరోజోన్ షేర్లు ఉన్నచోటే. నష్టం 60. రెండో కథలో యూరోజోన్‌లోనే పెద్ద భయం పుట్టి, ఆ వరద తట్టుకోలేక గీత తెగుతుంది: ఫ్రాంక్ 1.00, షేర్లు 10 శాతం కిందకు, నమ్మకమైన దేశాల బాండ్లు ఒక శాతం పైకి. నష్టం 60 ప్లస్ 60 మైనస్ 4, మొత్తం 116 లక్షలు. సొంత డబ్బులో ఆరో వంతు. ఈ రెండో కథలోని కోరిలేషన్‌ను 2013-14 డేటా నుంచి తీసుకోకూడదు. అది గీత కింద తయారైన సంబంధం. గీత లేని కాలం నుంచే తీసుకోవాలి. షాక్‌ను చేత్తో పెట్టి, మిగతా ఫ్యాక్టర్లను మాత్రం, ఏది దేనితో ఎంత కలిసి కదిలిందో చెప్పే ఇటీవలి కోవేరియన్స్ మ్యాట్రిక్స్‌తో నింపే సాఫ్ట్‌వేర్లు ఉన్నాయి. అవి సరిగ్గా ఈ తప్పే చేస్తాయి, పైగా రిపోర్ట్ చాలా నీటుగా వస్తుంది.

ఇంకోటి, ధర ఉంటుందన్న భ్రమ. వీఏఆర్‌లో ప్రతి ధర దగ్గరా కొనేవాడు ఉన్నాడని మనం తెలియకుండానే ఒప్పేసుకుంటాం. జనవరి 15 ఉదయం కాసేపు చాలామంది డీలర్లు రేట్లు ఇవ్వడమే మానేశారు. రేటు పడితే దానంతటదే అమ్మేసే స్టాప్-లాస్ ఆర్డర్ 1.19 దగ్గర పెట్టుకున్నవాళ్ళలో ఎందరికో ఆర్డర్ 1.19 దగ్గర పడలేదు, ఎంతో కింద పడింది. ఖాతాల్లో ఉన్నదానికంటే ఎక్కువ పోగొట్టుకున్న క్లయింట్లు ఆ బాకీలు కట్టలేక, కొన్ని బ్రోకరేజీ సంస్థలే కుప్పకూలాయి. ఈ సినారియో నష్టంలో స్టాప్-లాస్ వల్ల ఆదా అయ్యేది అని ఒక వరుస కనిపిస్తే నేను దాన్ని కొట్టేస్తాను.

ఇప్పటిదాకా షాక్ నుంచి నష్టానికి వచ్చాం. వెనక నుంచి కూడా రావచ్చు, రివర్స్ స్ట్రెస్ టెస్ట్ అంటారు. నాకు వ్యక్తిగతంగా అన్నిటికంటే ఇష్టమైనది ఇదే, ఎందుకంటే షాక్ సైజు మీద వాదన ఇందులో ఉండదు. అప్పిచ్చిన బ్యాంక్ ఒక షరతు పెట్టిందనుకుందాం: అప్పు ఎప్పుడూ ఆస్తిలో 35 శాతం దాటకూడదు, దాటితే వెంటనే ఆస్తులు అమ్మి కట్టాలి. మనం ఏ రేటు దగ్గర ఆ గీత దాటతాం? ఆస్తి 1000 లక్షలు, అందులో 35 శాతం 350. 360ని 350తో భాగిస్తే 1.03. అంటే యూరో 1.03 ఫ్రాంకుల దగ్గరే మనం బలవంతంగా అమ్మాల్సి వస్తుంది. షేర్లు 10 శాతం పడితే? ఆస్తి 940, దానిలో 35 శాతం 329. అప్పుడు హద్దు 1.09కి వచ్చేస్తుంది, ఇప్పటి రేటుకు తొమ్మిది శాతం దూరంలోకి.

ఇక మిగిలే ప్రశ్న ఒకటే: 1.03 నమ్మశక్యంగా ఉందా? 2011 ఆగస్టులో రేటు అంతకంటే కిందకే పోయింది. సినారియో రాసిన వ్యక్తి ఇష్టాఇష్టాలతో దీనికి సంబంధం లేదు. మీ మేనేజర్ దగ్గర ఈ ఒక్క లెక్క పెడితే చర్చ వీఏఆర్ ఎంత అన్నదాని నుంచి ఫ్రాంక్ అప్పు ఎందుకన్నదాని మీదకు మారుతుంది.

జనవరి 15 తర్వాత హిస్టారికల్ సిమ్యులేషన్ ఏం చెబుతుందో కూడా చూడాలి, మీ నమ్మకానికి అసలు పరీక్ష అక్కడుంది. ఇప్పుడైతే ఆ రోజు డేటాలోకి వచ్చేసింది కదా, వీఏఆర్ ఎగరాలి. ఎగరదు. 500 రోజుల్లో అది ఒక్క రోజు. అది ఒకటో స్థానంలో కూర్చుంటుంది, పాత నాలుగోది అయిదో స్థానానికి దిగుతుంది. వీఏఆర్ 14 నుంచి బహుశా 14.5కు పెరుగుతుంది. ఒకటో స్థానంలో 60 లక్షలున్నా 600 లక్షలున్నా అయిదో స్థానానికి తెలియదు. ఎక్స్‌పెక్టెడ్ షార్ట్‌ఫాల్ ఈ విషయంలో కాస్త మెరుగు, అతి పెద్ద 12 నష్టాల సగటు కాబట్టి. అది 14 ఉంటే, మిగతా ఆస్తులు కదలలేదనుకుని లెక్కేస్తే 18 దాకా పోతుంది. తర్వాత రెండేళ్ళకు ఆ రోజు విండోలోంచి జారిపోగానే, పోర్ట్‌ఫోలియోలో ఎవరూ వేలు పెట్టకపోయినా, ఒక ఉదయం మళ్ళీ 14కు వచ్చి కూర్చుంటుంది. అలాంటి ఉదయం రిస్క్ తగ్గిందని సంతోషించే ఈమెయిళ్ళు నేను చూశాను.

బ్యాక్‌టెస్ట్ పట్టుకుంటుందిగా అనుకోవద్దు. బ్యాంకులకు పెట్టిన అంతర్జాతీయ బాసెల్ నిబంధనల్లో 99 శాతం వీఏఆర్‌కు 250 రోజుల్లో ఎన్నిసార్లు నష్టం వీఏఆర్‌ను దాటిందో లెక్కపెడతారు. నాలుగు దాకా పచ్చ, అయిదు నుంచి తొమ్మిది పసుపు, పది నుంచి ఎరుపు. మన 60 లక్షల రోజు అందులో ఒక్క అంకె. మోడల్ పచ్చగానే ఉంటుంది. బ్యాక్‌టెస్ట్ ఎన్నిసార్లో చూస్తుంది తప్ప ఎంతో చూడదు.

ఇంత చెప్పాక హిస్టారికల్ సిమ్యులేషన్ మీద నాకేదో కక్ష ఉందనుకోకండి. రోజూ కదిలే షేర్లు, వడ్డీ రేట్ల మీద అది నిజాయితీగా పనిచేస్తుంది. ట్రేడర్ పొజిషన్ రెట్టింపు చేస్తే సాయంత్రానికి పట్టుకుంటుంది. వంద రకాల బాండ్లు ఒకదానితో ఒకటి ఎలా కదులుతాయో మనం ఊహించే పని లేకుండా చూపిస్తుంది. తప్పయితే తప్పని తేలుతుంది, బ్యాక్‌టెస్ట్‌కు ఎన్ని లోపాలున్నా. స్ట్రెస్ టెస్ట్‌ను అలా తేల్చే పరీక్ష లేదు. సినారియో జరగకపోతే అది తప్పని కాదు, జరిగితే గొప్పని కాదు. అందుకే అది మనుషుల అలవాట్లకు తేలిగ్గా లొంగుతుంది. నేను పనిచేసిన ఒక చోట సినారియోల షీట్ ఏళ్ళ తరబడి అలాగే ఉండిపోయింది. అందులో అన్నీ వడ్డీ రేట్లు పెరిగే కథలే. ఈలోగా పోర్ట్‌ఫోలియో నెమ్మదిగా, రేట్లు తగ్గితే నష్టపోయేదిగా మారింది. ప్రతి నెలా స్ట్రెస్ టెస్ట్‌లో లాభం వచ్చేది, అందరూ సంతకాలు పెట్టేవారు. స్ట్రెస్ టెస్ట్‌లో లాభం చూపిస్తే షాక్ గుర్తు తిరగేసి మళ్ళీ వేయాలని నేను నేర్చుకున్నది అక్కడే.

అదే చోట నాదీ ఒక తప్పుంది. ఎప్పుడో ఒకసారి చేతులు మారే ఒక కార్పొరేట్ బాండ్ ఉండేది. హిస్టారికల్ సిమ్యులేషన్‌లో దాని రిస్క్ ప్రభుత్వ బాండ్ కన్నా తక్కువ వచ్చింది. మంచి డైవర్సిఫికేషన్ అని నేనే ఒక నోట్ రాశాను. కొన్ని నెలల తర్వాత ఎందుకో ఆ కాలమ్ తెరిచి చూస్తే 0.0000, 0.0000, 0.0000 అని కిందిదాకా ఉంది. ట్రేడ్ జరగని రోజుల్లో డేటా వెండర్ పాత ధరనే మళ్ళీ మళ్ళీ పంపాడు. ఫ్రాంక్ రేటును ఒక సెంట్రల్ బ్యాంక్ ఆపింది, ఈ బాండ్‌ను ట్రేడ్ లేకపోవడం ఆపింది. లెక్కకు రెండూ ఒకేలా కనిపిస్తాయి. అందుకే ఇప్పుడు సిమ్యులేషన్ నడిపే ముందు ప్రతి కాలమ్‌లో సున్నా కదలిక రోజులెన్నో లెక్కపెట్టే ఒక లైను పెడతాను:

```python
(r.abs() < 0.00005).mean().sort_values(ascending=False).head(10)
```

ఇందులో పైన వచ్చే పేర్లే మీ మొదటి సినారియోల జాబితా.

ఇక ఏది నమ్మాలన్న ప్రశ్న. వీఏఆర్ 14, స్ట్రెస్ నష్టం 116 అని వస్తే అవి ఒకదాన్నొకటి కాదనట్లేదు. 14కు ఒక సంభావ్యత ఉంది, 116కు లేదు. కూడితే వచ్చే 130కి ఏ అర్థమూ ఉండదు. కొందరు సినారియోకు అర శాతం సంభావ్యత అని ఒకటి పెట్టి, 500 రోజుల పక్కన రెండు మూడు కృత్రిమ రోజులుగా చేర్చి ఒకే వీఏఆర్ తీస్తారు. ఆ అర శాతం ఎక్కడిదని అడిగితే జవాబు ఉండదు. పైగా ఆ రెండు మూడు రోజులు అయిదో స్థానం పైనే ఆగిపోతాయి, కాబట్టి 116 అన్న మాట మళ్ళీ వీఏఆర్ కింద పూడుకుపోతుంది. నేనైతే రెండు విడి హద్దులు పెడతాను. రోజువారీ ట్రేడింగ్‌కు వీఏఆర్ మీద ఒకటి. స్ట్రెస్ మీద రెండోది, సొంత డబ్బులో ఇంత వాటా దాటకూడదని. ఆ రెండోది దాటితే సంభావ్యత తక్కువ అనే వాదన వినను. పొజిషన్ తగ్గించండి, లేదా హెడ్జ్ కొనండి, లేదా ఈ నష్టం భరిస్తామని పైవాళ్ళతో రాతపూర్వకంగా చెప్పించండి అంటాను. గీత నిలబడినంతకాలం ఫ్రాంక్ బలపడితే డబ్బిచ్చే ఆప్షన్ మామూలుగా చవగ్గా ఉంటుంది, ఎందుకంటే దాని ధరలో ఎక్కువ భాగం ఇటీవలి నిశ్శబ్దాన్ని చూసే కట్టబడుతుంది.

మీ 500 రోజుల ఫైల్ తెరిచి, పై లైను నడిపి, పైన వచ్చిన మూడు పేర్లు ఇక్కడ పెట్టండి. పొజిషన్ సైజు చెప్పనక్కర్లేదు, ఏ ఫ్యాక్టరో చెబితే చాలు. వాటికి షాక్ ఎక్కడి నుంచి తీసుకోవాలో చూద్దాం.